స్విచ్ తీసేశాక కరెంటు ఎటు పోతుంది?

పసుపు రంగు ప్లాస్టిక్ గేర్‌బాక్సుతో కలిపి వచ్చే చిన్న డీసీ మోటారును చాలామంది చూసే ఉంటారు. సైన్స్ ఎగ్జిబిషన్లలో నల్ల గీత వెంబడి నడిచే బండ్లకూ, పాలిటెక్నిక్ విద్యార్థుల ప్రాజెక్టులకూ ఎక్కువగా వాడేది అదే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి అడిగితే చాలు, చక్రంతో సహా చేతిలో పెడతారు. దానికి ఉండేది రెండు తీగలే. బ్యాటరీకి కలిపితే ఒక వైపు తిరుగుతుంది, తీగలు తారుమారు చేస్తే రెండో వైపు తిరుగుతుంది. ఇంత సులువైన వస్తువును ఆర్డ్యునో లాంటి చిన్న బోర్డుతో నడపబోతే మాత్రం డ్రైవర్ బోర్డు కాలిపోవడం, ప్రోగ్రాం మధ్యలో మళ్లీ మొదటికి రావడం, బండి కదలకుండా కుయ్‌మని మూలగడం వరసగా ఎదురవుతాయి. ఈ మూడింటికీ మూలం దాదాపు ఒకటే. స్విచ్ వేసినప్పుడు ఏం జరుగుతుందో అందరూ చూస్తారు. స్విచ్ తీసిన తర్వాత వచ్చే ఆ కాసేపట్లో కరెంటు ఏ దారిన పోతుందో చూడరు.

లెక్కలు సులువుగా ఉండడానికి ఒక మోటారును ఊహించుకుందాం. తీగచుట్ట నిరోధం 5 ఓములు, ఇండక్టెన్స్ 2 మిల్లీహెన్రీలు, బ్యాటరీ 6 వోల్టులు. ఇరుసును చేత్తో గట్టిగా పట్టి ఆపితే ఇది 1.2 ఆంపియర్లు లాగుతుంది. వదిలేస్తే గేర్ల రాపిడిని గెలవడానికి 0.2 ఆంపియర్లు చాలనుకుందాం. తిరిగే మోటారు ఒక జనరేటర్ కూడా కాబట్టి తన వేగానికి తగ్గట్టు ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. ఇక్కడ 0.2 ఆంపియర్లకు చుట్టలో 1 వోల్టు ఖర్చవుతుంది కనుక, ఎదురు వోల్టేజి 5 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఈ 5 వోల్టులే పూర్తి వేగానికి గుర్తు. ఎదురు వోల్టేజి సగమైతే వేగమూ సగమే. ఆర్డ్యునో ఊనో బోర్డు పిన్ను నుంచి తీసుకోదగింది 20 మిల్లీఆంపియర్లు, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడనిది 40. కాబట్టి మోటారును పిన్నుకు నేరుగా కలిపే ప్రశ్నే లేదు. మధ్యలో బలమైన స్విచ్‌లు ఉండాలి. రెండు దిశలూ కావాలంటే అవి నాలుగు ఉండాలి.

ఆ నాలుగు స్విచ్‌ల అమరికే హెచ్-బ్రిడ్జ్. మోటారును మధ్యలో అడ్డంగా పెట్టి, దాని ఎడమ కొసకు పైన ఒక స్విచ్, కింద ఒక స్విచ్, కుడి కొసకూ అలాగే రెండు గీయండి. పై రెండూ బ్యాటరీ ప్లస్‌కు, కింది రెండూ గ్రౌండ్‌కు కలుస్తాయి. ఎడమ పై స్విచ్, కుడి కింది స్విచ్ మూస్తే కరెంటు మోటారు గుండా ఎడమ నుంచి కుడికి పోతుంది, బండి ముందుకు నడుస్తుంది. కుడి పైది, ఎడమ కిందిది మూస్తే వెనక్కి నడుస్తుంది. కింది రెండూ మూస్తే మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలిసిపోతాయి. అప్పుడు మోటారు పుట్టించే ఎదురు వోల్టేజే దాన్ని పట్టి ఆపుతుంది, అంటే బ్రేక్ పడుతుంది. నాలుగూ తెరిచేస్తే మోటారు తన ఊపున తాను తిరిగి మెల్లగా ఆగుతుంది. ఒకే వైపున్న పైదీ కిందిదీ మాత్రం ఒకేసారి మూయకూడదు. మోటారు ఊసే లేకుండా బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. ట్రాన్సిస్టర్ మూతపడే వేగం, తెరుచుకునే వేగం ఒకటి కావు కనుక, దిశ మార్చేటప్పుడు ఒకటి పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకునే ప్రమాదం ఉంటుంది. విడి ట్రాన్సిస్టర్లతో బ్రిడ్జ్ కట్టేవాళ్లు రెంటి మధ్య కొద్ది మైక్రోసెకన్ల ఖాళీని తామే ఉంచాలి. మాస్‌ఫెట్ల డ్రైవర్ చిప్‌లలో ఆ ఖాళీని చిప్పే చూసుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు చిప్ కొనుక్కోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఇది ఒక కారణం.

ఆగనని మొరాయించే కరెంటు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మోటారులో ఉన్నది ఇనుము మీద చుట్టిన రాగి తీగ. దాని గుండా కరెంటు పోతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది, ఆ క్షేత్రంలో కొంత శక్తి దాగి ఉంటుంది. కరెంటును ఒక్కసారిగా సున్నా చేయాలంటే ఆ శక్తి కూడా ఆ క్షణంలోనే ఎటో ఒకటు పోవాలి. పోయే దారి లేకపోతే చుట్ట తానే వోల్టేజి పెంచుకుని దారి చేసుకుంటుంది. పొలంలో బోరు మోటారు నిండుగా నీళ్లు తోడుతుండగా గేట్ వాల్వ్‌ను ఒక్కసారిగా మూసేస్తే పైపు దడేలుమని కొట్టుకోవడం రైతులకు తెలుసు. కదిలే నీరు ఆగనన్నట్టే, చుట్టలోని కరెంటు కూడా ఆగనంటుంది.

ఎంత వోల్టేజి అంటే, సూత్రం చిన్నదే:

```
V = L × (dI / dt)
```

మన మోటారులో 0.5 ఆంపియరు పోతుండగా ట్రాన్సిస్టర్ 1 మైక్రోసెకనులో తెరుచుకుందనుకుందాం. 0.002 ను 0.5 తో గుణించి, సెకనులో పది లక్షలో వంతుతో భాగిస్తే 1000 వోల్టులు వస్తాయి. 6 వోల్టుల బ్యాటరీ మీద నడిచే బొమ్మ బండిలో వెయ్యి వోల్టులు! నిజానికి అంత దాకా పోదు, ఎందుకంటే అంతకుముందే ట్రాన్సిస్టర్ ఓడిపోయి దారి ఇచ్చేస్తుంది. ఆ ఓడిపోవడమే దాని చావు. దాగి ఉన్న శక్తిని చూస్తే మిల్లీజౌల్‌లో నాలుగో వంతు మాత్రమే, చేతికి వెచ్చదనం కూడా తెలియనంత చిన్నది. అదే శక్తి కంటికి కనిపించనంత చిన్న సిలికాన్ సంధి మీద, సెకనుకు కొన్ని వందల సార్లు పడితే ఫలితం వేరుగా ఉంటుంది. చాలాసార్లు చిప్ వెంటనే కాలిపోదు. కొన్ని గంటలో కొన్ని రోజులో బాగానే పనిచేసి, ఒకనాడు ఒక దిశలో మాత్రమే తిరగడం మొదలుపెడుతుంది. నాలుగు స్విచ్‌లలో ఒకటి పోయిందన్న మాట.

మోటారును ఒకే దిశలో నడిపేటప్పుడు దీనికి విరుగుడు ఒక్క డయోడ్. దాన్ని మోటారు రెండు కొసల మధ్య ఉల్టాగా పెడతారు. స్విచ్ మూసి ఉన్నంత సేపు అది అడ్డం తిరిగి ఊరుకుంటుంది. స్విచ్ తెరవగానే చుట్టలోని కరెంటు ఆ డయోడ్ గుండా గుండ్రంగా తిరిగి, చుట్ట నిరోధంలో వేడిగా మారి చల్లారుతుంది. ఇండక్టెన్స్‌ను నిరోధంతో భాగిస్తే వచ్చే 0.4 మిల్లీసెకన్లు ఆ చల్లారడానికి కొలమానం. దీన్నే ఫ్లైబ్యాక్ డయోడ్ అంటారు.

హెచ్-బ్రిడ్జ్‌లో ఇదే కిటుకు పనికిరాదు. మోటారు మీద ఒక డయోడ్ పెడితే ముందుకు నడిచేటప్పుడు అది కాపాడుతుంది, వెనక్కి నడపగానే మోటారును షార్ట్ చేసి తానూ కాలి స్విచ్‌లనూ కాలుస్తుంది. అందుకే ఇక్కడ నాలుగు డయోడ్లు కావాలి, ఒక్కో స్విచ్‌కు ఒక్కటి. మోటారు ప్రతి కొస నుంచి ప్లస్ వైపు ఒకటి, గ్రౌండ్ నుంచి ప్రతి కొస వైపు ఒకటి ఉండాలి. ఏ కొస అయినా ప్లస్ కంటే పైకి పోబోతే పై డయోడ్ తెరుచుకుంటుంది, గ్రౌండ్ కంటే కిందికి దిగబోతే కింది డయోడ్ తెరుచుకుంటుంది. వోల్టేజి ఆ రెండు గట్ల నడుమ, ఒక వోల్టు అటూ ఇటూగా, చిక్కుకుపోతుంది.

బజారులో అందరూ కొనే ఎర్ర బోర్డు మీద ఎల్298ఎన్ అనే చిప్ ఉంటుంది. ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వారి పాత చిప్ అది. దాని లోపల ఈ డయోడ్లు లేవు. అందుకే బోర్డు మీద చిప్ పక్కన ఎనిమిది చిన్న నల్ల డయోడ్లు అతికించి ఉంటాయి, రెండు మోటార్లకు నాలుగేసి చొప్పున. బోర్డు కాకుండా విడి చిప్ కొని సొంతంగా సోల్డర్ చేసేవాళ్లు వీటిని మరిచిపోతే వెయ్యి వోల్టుల కథ మొదలవుతుంది. ఎల్293డీ అనే చిన్న చిప్‌లో డయోడ్లు లోపలే ఉంటాయి, పేరు చివర డీ లేని ఎల్293 లో ఉండవు. కొనేటప్పుడు ఆ చివరి అక్షరం చూసుకోవాలి. మాస్‌ఫెట్లతో చేసిన టీబీ6612, డీఆర్‌వీ8833 లాంటి చిప్‌ల బోర్డుల మీద డయోడ్లు కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. మాస్‌ఫెట్ తయారీలోనే అలాంటి డయోడ్ ఒకటి దానంతట అదే ఏర్పడి ఉంటుంది.

డయోడ్ల తర్వాత కెపాసిటర్

డయోడ్లు పెట్టాం కనుక పని అయిపోయిందనుకుంటే పొరపాటు. బండి ముందుకు నడుస్తుండగా నాలుగు స్విచ్‌లనూ ఒకేసారి తెరిచామనుకుందాం. చుట్టలోని కరెంటు ఎడమ నుంచి కుడికి పోతూనే ఉండాలి. అది గ్రౌండ్ నుంచి ఎడమ కింది డయోడ్ గుండా పైకొచ్చి, మోటారు దాటి, కుడి పై డయోడ్ గుండా బ్యాటరీ ప్లస్‌లోకి ఎక్కుతుంది. గమనించారా? కరెంటు బ్యాటరీ నుంచి రావడం లేదు, బ్యాటరీలోకి తిరిగి పోతోంది. దగ్గరలో ఉన్న బ్యాటరీ అయితే దాన్ని మింగేస్తుంది. కానీ గోడకు పెట్టే అడాప్టర్ కరెంటు ఇవ్వడమే తప్ప తీసుకోవడం తెలియనిది. పొరపాటున ఉల్టా కలిపితే కాపాడాలని సప్లై దారిలో డయోడ్ పెట్టుకున్నా అంతే, తిరిగొచ్చే కరెంటుకు ఆ దారి మూతపడినట్టే. అప్పుడు ఆ శక్తి పోయేది సప్లై తీగల మీద ఉన్న కెపాసిటర్‌లోకే.

దాన్ని లెక్క కట్టి చూద్దాం. వచ్చే శక్తి అదే 0.25 మిల్లీజౌల్. డ్రైవర్ దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 6 వోల్టుల మీద ఉంటే, ఆ శక్తినంతా తీసుకున్నాక దాని వోల్టేజి 6.4 అవుతుంది. ఎవరికీ ఏమీ కాదు. అక్కడ 0.1 మైక్రోఫారడ్ చిన్న సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే, అదే శక్తికి అది దాదాపు 71 వోల్టులకు ఎక్కాలి. ఎల్298ఎన్ తట్టుకునే సప్లై 46 వోల్టులు, టీబీ6612 తట్టుకునేది 15, డీఆర్‌వీ8833 పని పరిధి 10.8 దాకా. కొంత శక్తి దారిలో వేడిగా పోతుంది కనుక నిజంగా అంత ఎక్కకపోవచ్చు, అయినా మిగిలింది చాలు చిప్‌ను చంపడానికి. డయోడ్లన్నీ సక్రమంగా ఉండి కూడా డ్రైవర్ పోయిందంటే నేను మొదట చూసేది ఈ కెపాసిటర్ ఉందా లేదా అన్నదే. 100 నుంచి 470 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ ఒకటి, సప్లై వోల్టేజికి కనీసం రెట్టింపు రేటింగ్ ఉన్నది, డ్రైవర్ పిన్నులకు ఆనుకుని పెట్టాలి. బారెడు తీగ అవతల పెడితే ఆ తీగకున్న సొంత ఇండక్టెన్స్ అడ్డొచ్చి దాని ప్రయోజనం చాలావరకు పోతుంది.

సగం సేపు ఇస్తే సగం వేగమేనా?

వేగం తగ్గించాలంటే వోల్టేజి తగ్గించాలి. దానికి మోటారుతో వరసగా రెసిస్టర్ పెడితే అది వేడెక్కి శక్తి వృథా అవుతుంది, పైగా బరువు పడగానే మోటారు చతికిలబడుతుంది. అందుకని స్విచ్‌నే సెకనుకు వందల, వేల సార్లు వేసి తీస్తారు. ఒక ఆవృత్తంలో స్విచ్ వేసి ఉన్న వంతును డ్యూటీ సైకిల్ అంటారు. ఆర్డ్యునోలో `analogWrite` కు 255 ఇస్తే నూరు శాతం, 128 ఇస్తే సగం. 6 వోల్టులు సగం సేపు ఇస్తే సగటున 3 వోల్టులు, కాబట్టి సగం వేగం అని చాలా చోట్ల రాసి ఉంటుంది. అది నిజం కావాలంటే ఒక షరతు ఉంది: మిగతా సగం సేపు మోటారు కొసల మధ్య వోల్టేజి సున్నా అయి ఉండాలి. అది సున్నాగా ఉంటుందా లేదా అన్నది ఆ ఖాళీ సమయంలో ఏ స్విచ్‌లు మూసి ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఖాళీ సమయంలో నాలుగూ తెరిచేయడం. ఎల్298ఎన్ బోర్డులో ఎనేబుల్ పిన్నుకు పల్స్ ఇస్తే జరిగేది ఇదే. చుట్టలోని కరెంటు బ్యాటరీకి ఎదురెక్కి త్వరగా చచ్చిపోతుంది. ఆ తర్వాత మోటారుకు ఏ బంధమూ లేదు, దాని ఊపున అది తిరుగుతుంది. రెండోది, ఖాళీ సమయంలో కింది రెండు స్విచ్‌లనూ మూసి ఉంచడం. చుట్టలోని కరెంటు బ్యాటరీ జోలికి పోకుండా కిందనే గుండ్రంగా తిరుగుతుంది, మోటారు మీద వోల్టేజి సున్నా. సగటు లెక్క సరిగ్గా పనిచేసేది ఇక్కడే.

మన మోటారు మీద రెంటినీ పోల్చి చూద్దాం. స్విచ్‌లలో వోల్టేజి నష్టం లేదనుకుని, ఊనో బోర్డు 9, 10 పిన్నుల మీద మామూలుగా వచ్చే 490 హెర్ట్జ్‌తో, 50 శాతం డ్యూటీ ఇద్దాం. రాపిడికి 0.2 ఆంపియర్లు కావాలంటే, రెండో పద్ధతిలో ఎదురు వోల్టేజి 2 వోల్టుల దగ్గర నిలుస్తుంది. బరువు సగానికి తగ్గి 0.1 ఆంపియరు చాలన్నప్పుడు 2.5 కు పెరుగుతుంది. అదే డ్యూటీతో మొదటి పద్ధతిలో 0.2 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులుండేది, 0.1 దగ్గర 4.5 కు ఎగబాకుతుంది. బరువు కొంచెం తగ్గగానే వేగం ఒకటిన్నర రెట్లయిపోయింది. నున్నటి నేల మీద పరిగెత్తి, తివాచీ ఎక్కగానే ఆగిపోయే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే. గీత వెంబడి నడిచే బండి మలుపులో ఒక చక్రం మీద బరువు మారగానే గీత తప్పడానికీ ఇది కారణం కావచ్చు. విద్యార్థులు సెన్సర్‌నూ, ప్రోగ్రాంలోని అంకెలనూ రోజుల తరబడి సవరిస్తూ కూర్చుంటారు. ఎనేబుల్ పిన్నుకు జంపర్ పెట్టి, పల్స్‌ను ఇన్‌పుట్ పిన్నులకు మారిస్తే సగం బాధ తీరుతుంది.

ఎల్298ఎన్‌లో ఒక ఇన్‌పుట్‌కు పల్స్ ఇచ్చి, రెండోదాన్ని సున్నా దగ్గర ఉంచితే ఖాళీ సమయంలో రెండూ సున్నా అవుతాయి, అంటే కింది రెండు స్విచ్‌లూ మూసుకుంటాయి. ప్రోగ్రాంలో అది ఇంతే:

```
const int IN1 = 9;
const int IN2 = 10;

void drive(int s) {      // -255 .. 255
  if (s >= 0) {
    analogWrite(IN2, 0);
    analogWrite(IN1, s);
  } else {
    analogWrite(IN1, 0);
    analogWrite(IN2, -s);
  }
}
```

ఇక్కడొక హెచ్చరిక. చిప్ మారితే ఇదే ప్రోగ్రాం అర్థం మారిపోతుంది. డీఆర్‌వీ8833 లో రెండు ఇన్‌పుట్లూ సున్నా అయితే నాలుగు స్విచ్‌లూ తెరుచుకుంటాయి, రెండూ ఒకటి అయితేనే బ్రేక్. కాబట్టి దానికి ఒక ఇన్‌పుట్‌ను 255 దగ్గర ఉంచి, రెండోదానికి 255 లోంచి వేగాన్ని తీసేసిన అంకె ఇవ్వాలి. టీబీ6612 లో పల్స్ కోసమే వేరే పిన్ను ఉంది, అది సున్నా అయినప్పుడు చిప్ తానే బ్రేక్ స్థితికి పోతుంది. ఏ చిప్ కొన్నా దాని డేటాషీట్‌లో ఇన్‌పుట్-ఔట్‌పుట్ పట్టిక ఒక్క పేజీ చదవండి. మిగతా పేజీలు చదవకపోయినా ఫర్వాలేదు.

పల్స్ ఎంత వేగంగా ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. 490 హెర్ట్జ్ అంటే ఒక ఆవృత్తానికి 2 మిల్లీసెకన్లు, మన చుట్ట కరెంటు చల్లారే కాలం 0.4. అంటే ఆవృత్తం లోపలే కరెంటు లేచి పడిపోతుంది, ఆ ప్రతి కుదుపూ చెవికి సన్నని కూతలా వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే కరెంటు నునుపవుతుంది, 20 కిలోహెర్ట్జ్ దాటితే కూత మన చెవికి అందదు. టీబీ6612 వంద కిలోహెర్ట్జ్ దాకా తీసుకుంటుంది, దానికి అలా పెట్టుకోవచ్చు. ఎల్298ఎన్ మాత్రం ప్రతి స్విచింగ్‌కూ మైక్రోసెకన్లు తీసుకునే పాత రకం. పైగా దాని డేటాషీట్ వేగంగా కోలుకునే డయోడ్లు వాడమని అడుగుతుంటే, చౌక బోర్డుల మీద తరచుగా కనిపించేది మామూలు రెక్టిఫయర్ డయోడ్లే. దాన్ని పై ఫ్రీక్వెన్సీలో నడిపితే వేడి పెరుగుతుంది తప్ప లాభం లేదు. 4 కిలోహెర్ట్జ్‌కు దగ్గరగా పెడితే దానికి సరిపోతుంది. ఊనో మీద 9, 10 పిన్నులకు `setup` లో ఈ ఒక్క వరుస చాలు:

```
TCCR1B = (TCCR1B & 0xF8) | 0x02;   // 3.9 kHz
```

చివర `0x01` రాస్తే 31 కిలోహెర్ట్జ్ వస్తుంది, మాస్‌ఫెట్ చిప్‌లకు అది. ఇదే టైమర్‌ను సర్వో లైబ్రరీ కూడా వాడుకుంటుంది కనుక రెండూ ఒకే ప్రోగ్రాంలో కుదరవు.

కదలకుండా మూలిగే బండి

తక్కువ డ్యూటీ దగ్గర మోటారు కదలకపోవడం అందరికీ ఎదురయ్యేదే. రాపిడికి 0.2 ఆంపియర్లు కావాలంటే చుట్ట మీద సగటున 1 వోల్టు ఉండాలి. నష్టం లేని స్విచ్‌లైతే 6 లో 1 అంటే 17 శాతం డ్యూటీ చాలు. కానీ ఎల్298ఎన్ లోపల ఉన్నవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు, కరెంటు రెండింటి గుండా పోవాలి. 1 ఆంపియర్ దగ్గర రెండూ కలిసి 1.8 నుంచి 3.2 వోల్టుల దాకా తినేస్తాయని డేటాషీటే చెబుతోంది. తక్కువ కరెంటుకు కొంత తగ్గి సుమారు 1.5 అనుకుందాం. అంటే పల్స్ ఉన్నప్పుడు మోటారుకు అందేది 4.5 వోల్టులే. ఖాళీ సమయంలో కరెంటు తిరిగే దారిలోనూ ఒక ట్రాన్సిస్టర్, ఒక డయోడ్ ఉంటాయి. అవి కలిసి మరో 1.3 వోల్టులు ఎదురు పెడతాయి, కనుక మనం సున్నా అనుకున్నది నిజానికి మైనస్ 1.3. ఈ రెంటినీ కలిపి లెక్క వేస్తే సగటు 1 వోల్టు రావడానికి 40 శాతం డ్యూటీ కావాలి. `analogWrite` అంకెల్లో అది 100 కు పైన. నిలిచి ఉన్నదాన్ని కదిలించడానికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. 80 ఇచ్చినా బండి కదల్లేదంటే తప్పు ప్రోగ్రాంలో లేదు.

అదే మోటారుకు టీబీ6612 పెడితే దాని మాస్‌ఫెట్ల నిరోధం రెండూ కలిపి 0.5 ఓము మాత్రమే. 0.2 ఆంపియర్లకు నష్టం 0.1 వోల్టు. 6 వోల్టుల బండికి ఎల్298ఎన్ కొనడం నాకు అందుకే నచ్చదు. 12 లేక 24 వోల్టుల మోటారు అయితే రెండు వోల్టుల నష్టం పెద్దగా తెలియదు, దెబ్బలు తట్టుకునే మొండితనమూ దానికి ఉంది. నాలుగు పెన్సిల్ సెల్‌ల మీద నడిచే బండిలో మాత్రం అది మూడో వంతు దాకా తినేసి వేడిగా వదిలేస్తుంది. ఇప్పటికే ఆ బోర్డు ఉన్నవాళ్లకు ఒక ఉపాయం ఉంది: కదలడం మొదలయ్యే అంకెను కొలిచి పెట్టుకుని, ప్రోగ్రాంలో వేగాన్ని ఆ అంకె నుంచి 255 దాకా పరచుకోవాలి. ఆగి ఉన్న స్థితి నుంచి బయల్దేరేటప్పుడు కాసేపు పూర్తి డ్యూటీ ఇచ్చి తర్వాత తగ్గించుకోవాలి.

ఉన్నపళాన వెనక్కి

ఇంకొక ఘట్టం మిగిలింది. మోటారు పూర్తి వేగంతో ముందుకు తిరుగుతోంది, ఎదురు వోల్టేజి 5. ఆ క్షణంలో ప్రోగ్రాం వెనక్కి నడవమంది. ఇప్పటి దాకా బ్యాటరీకి ఎదురు నిలిచిన ఆ 5 వోల్టులు ఇప్పుడు బ్యాటరీతో చేయి కలుపుతాయి. 6, 5 కలిసి 11 వోల్టులు, 5 ఓముల మీద 2.2 ఆంపియర్లు. మామూలుగా తిరిగేటప్పటి కరెంటుకు పదకొండు రెట్లు, పట్టి ఆపినప్పటి కరెంటుకు దాదాపు రెట్టింపు. డ్రైవర్‌ను మోటారు స్టాల్ కరెంటు చూసి ఎంచుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బ తింటారు. సెల్‌లకు సొంత నిరోధం ఉంటుంది కాబట్టి అంత కరెంటు లాగగానే వాటి వోల్టేజి కుంగిపోతుంది. అదే బ్యాటరీ మీద ఆర్డ్యునో కూడా ఉంటే దానికీ వోల్టేజి చాలక అది రీసెట్ అయి ప్రోగ్రాం మొదటి నుంచి మొదలవుతుంది. దిశ మార్చిన ప్రతిసారీ బండి తికమకపడి ఆగి మళ్లీ బయల్దేరుతోందంటే గుర్తుపట్టవలసింది దీన్నే. మోటారుకూ బోర్డుకూ వేర్వేరు బ్యాటరీలు పెట్టి, గ్రౌండ్‌లు మాత్రం రెంటివీ కలపాలి. ప్రోగ్రాం వైపు నుంచి, వేగాన్ని మెట్లు మెట్లుగా మార్చాలి:

```
int cur = 0;

void ramp(int target) {
  while (cur != target) {
    cur += (target > cur) ? 1 : -1;
    drive(cur);
    delay(2);
  }
}
```

255 నుంచి మైనస్ 255 దాకా పోవడానికి దీనికి ఒక సెకను పడుతుంది. బొమ్మ బండికి అది ఎక్కువ సమయమేమీ కాదు. కరెంటు ఎగదన్నకుండా మోటారు మెల్లగా వేగం తగ్గించుకుని, ఆగి, అటు తిరుగుతుంది. అత్యవసరంగా ఆపాల్సిన బండి అయితే `delay` ను తగ్గించుకుంటూ, చిప్ ఎంత వేడెక్కుతోందో చూస్తూ సరిచేసుకోవచ్చు.

చేతిలో పాత డ్రైవర్ బోర్డు ఉండి, అది బతికి ఉందో లేదో తెలియకపోతే పరీక్ష సులువు. బ్యాటరీ, మోటారు రెండూ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టండి. ఎర్ర ప్రోబ్ గ్రౌండ్‌కు, నల్లది మోటారు ఔట్‌పుట్‌కు ఆనిస్తే 0.5 నుంచి 0.7 మధ్య అంకె చూపాలి. అది కింది డయోడ్. తర్వాత ఎర్రది ఔట్‌పుట్‌కు, నల్లది సప్లై ప్లస్‌కు ఆనిస్తే అలాంటి అంకే రావాలి. అది పై డయోడ్. రెండో ఔట్‌పుట్‌కూ ఇలాగే చూడండి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే దారులన్నీ బాగున్నాయి. ఎక్కడైనా సున్నా చూపి బీప్ కొడితే ఆ మూల స్విచ్ గానీ డయోడ్ గానీ షార్ట్ అయింది, అలాంటి బోర్డుకు బ్యాటరీ పెట్టకూడదు. అంకె ఏమీ రాకపోతే ఆ డయోడ్ తెగిపోయింది. అలాంటి బోర్డు మోటారును తిప్పుతుంది కూడా, కానీ ఆ మూలలో స్విచ్ తెరిచిన ప్రతిసారీ చుట్ట వోల్టేజి నేరుగా ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. ఎల్298ఎన్ బోర్డు అయితే ఆ ఒక్క డయోడ్‌నూ తీసి కొత్తది సోల్డర్ చేస్తే సరిపోతుంది. మాస్‌ఫెట్ చిప్‌లో డయోడ్ లోపలే ఉంటుంది కనుక చిప్‌నే మార్చాలి.